ఫొటోలో ఆకుకూర: వాడిందా, మురిగిందా?

మే నెల మొదటి వారం, పొద్దున ఆరుంబావు. ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. దాని కింద ఒక్క ప్రశ్న: "అక్కా, ఇవన్నీ పారేయాల్నా?"

నేను హన్మకొండలో ఒక అమ్మాయిల హాస్టల్‌కు సరుకుల లెక్క చూస్తాను. ఉండేది కాజీపేటలో. వంట చేసే తమ్ముడు తెల్లవారకముందే వంటగదికి వస్తాడు, నేను వెళ్లేసరికి తొమ్మిది దాటుతుంది. అందుకని మధ్యాహ్నం పప్పులోకి ఏ కూర పనికొస్తుందో చాలా రోజులు ఫొటోల మీదే తేలుతుంది. ఆ రోజు ఫొటోలో స్టీలు బల్ల మీద ముప్పై కట్టల పాలకూర, పన్నెండు కట్టల కొత్తిమీర కుప్పగా పడి ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం వచ్చిన సరుకు. గోనె సంచిలోంచి తీయకుండా అట్లాగే స్టోర్‌రూమ్‌లో పెట్టేశారు. రాత్రంతా ఆ గదిలో ఉక్క. ఫొటోలో కట్టలన్నీ నల్లగా, వాలిపోయి, బల్లకు అతుక్కున్నట్టు కనిపించాయి.

ఎవరు చూసినా పారేయమనే అంటారు. నాకూ మొదట అదే నోటికొచ్చింది. కానీ ఆ ముప్పైలో ఇరవై నాలుగు కట్టలు మధ్యాహ్నం పప్పులోకి వెళ్లాయి, ఆరే పారేశాం. వాటిని ఎలా విడదీశామో చెప్పాలంటే, వాడినప్పుడు ఆకు లోపల ఏం జరుగుతుందో, మురిగినప్పుడు ఏం జరుగుతుందో ముందు చెప్పాలి. ఫొటోలో దేనికోసం వెతకాలన్నది అందులోంచే వస్తుంది.

నీళ్లు ఎటు పోయాయి

పాలకూరలోనైనా కొత్తిమీరలోనైనా నూటికి తొంభై పాళ్లు నీళ్లే. ఆ నీళ్లు ఆకులోని కోట్ల కణాల్లో నిండి ఉంటాయి. సైకిల్ ట్యూబులో గాలి ఉన్నంతసేపు టైరు గట్టిగా ఉన్నట్టు, కణంలో నీళ్లు నిండుగా ఉన్నంతసేపు ఆకు నిలబడి ఉంటుంది. కణం చుట్టూ ఒక గోడ, ఆ గోడకు లోపలి వైపు చాలా పలచని పొర ఉంటాయి. నీళ్లను పట్టి ఉంచేది ఆ పొరే.

మొక్కను కోసిన తర్వాత కిందినుంచి నీళ్లు రావు. ఆకు మీది సన్నని రంధ్రాల్లోంచి మాత్రం నీళ్లు ఆవిరై పోతూనే ఉంటాయి. మన ఎండకు, ఫ్యాన్ గాలికి ఇంకా తొందరగా పోతాయి. మొత్తం బరువులో నూటికి నాలుగైదు పాళ్లు పోతే చాలు, ఆకు వాలిపోతుంది. ట్యూబులో గాలి తగ్గింది కానీ ట్యూబు చిరగలేదు. కణాల పొర బాగానే ఉంది. మళ్లీ నీళ్లు అందితే పీల్చుకుని ఆకు లేచి నిలబడుతుంది. వాడడం అంటే ఇదే.

మురగడంలో ట్యూబే చిరిగిపోతుంది. ఆకు నలిగిన చోట, తెగిన చోట, తడి ఆరని చోట బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆకుకూరల్ని మెత్తగా కుళ్లబెట్టేవాటిలో సూడోమోనాస్, పెక్టోబాక్టీరియం అనే రకాలు ముఖ్యమైనవి. కణానికీ కణానికీ మధ్య జిగురులా పనిచేసే పెక్టిన్ అనే పదార్థాన్ని అవి కరిగించేస్తాయి. పెక్టిన్ కరిగితే కణాలు విడిపోతాయి, పొరలు తెగుతాయి, లోపలి నీళ్లు, రసం అంతా బయటకు కారతాయి. ఆ రసం తిని బ్యాక్టీరియా ఇంకా పెరుగుతుంది. వేలికి తగిలే జిగట అంటే కరిగిపోయిన ఆకు, దాని రసం, ఆ రసంలో పెరిగిన బ్యాక్టీరియా, అన్నీ కలిసినదే. దీన్ని ఎన్ని చల్లటి నీళ్లలో పెట్టినా ఆకు లేవదు, ఎందుకంటే నీళ్లు పట్టి ఉంచే పొర ఇక లేదు.

కాబట్టి ఫొటో చూసేటప్పుడు నేను నన్ను అడుగుకునేది ఒకటే ప్రశ్న. ఈ ఆకులో నీళ్లు గాలిలో కలిసిపోయాయా, లేక కణాల్లోంచి కారి ఆకు మీదికి వచ్చాయా? ఆవిరైతే ఆకు పొడిగా, మెరుపు లేకుండా ఉంటుంది. కారితే తడిగా, ముదురుగా ఉంటుంది. ఎంత వాలిపోయిందన్నది నాకు పెద్ద లెక్క కాదు. పూర్తిగా వాలిపోయిన పాలకూర అరగంటలో లేచిన రోజులున్నాయి. పైకి నిటారుగా నిలబడ్డ కట్ట లోపల నల్లగా కరిగిన రోజులూ ఉన్నాయి.

కంటికి ఏది దొరుకుతుంది

వాడిన పాలకూర ఆకు పలచటి నూలుగుడ్డలా కనిపిస్తుంది. ముడతలు పడుతుంది, అంచులు లోపలికి చుట్టుకుంటాయి, మధ్య ఈనె విల్లులా వంగుతుంది. అయినా ఆకుకు ఆకు విడిగానే ఉంటుంది. అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలితో గీసినట్టు చూడొచ్చు. ఈనెలు ఇంకా స్పష్టంగా, కొంచెం పైకి తేలినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే వాటి మధ్య మెత్తటి భాగం కుంగిపోయింది. రంగు కాస్త మాసినట్టు ఉంటుంది. వెలుతురు పడినా మెరవదు.

మురిగిన ఆకులో ముందుగా పోయేది ఆ అంచే. రెండు మూడు ఆకులు ఒకదాని మీద ఒకటి పడి ఒకే ముద్ద అవుతాయి, ఏది ఏ ఆకో చెప్పలేం. రంగు నల్లటి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆకు రంగు ముదరడానికి కారణం ఉంది. మంచి ఆకు లోపల కణాల మధ్య సన్నని గాలి ఖాళీలు ఉంటాయి. వెలుతురు వాటికి తగిలి చెదిరిపోవడం వల్లే ఆకు లేతగా కనిపిస్తుంది. ఆ ఖాళీల్లోకి రసం చేరితే వెలుతురు చెదరకుండా లోపలికి పోతుంది. తెల్ల కాగితం మీద నూనె చుక్క పడితే అక్కడ ముదురుగా మారి, వెలుగుకు పెడితే అవతలిది కనిపిస్తుంది కదా, అచ్చం అట్లాగే. అందుకే ఆకు మీద నూనె మరకల్లాంటి మచ్చలు కనిపిస్తే నేను ఆగిపోతాను. మురుగు మొదలయ్యే చోట మొట్టమొదట కనిపించేది ఆ మచ్చే, జిగట తర్వాత వస్తుంది.

మెరుపు కూడా రెండు రకాలుగా ఉంటుంది. మంచి ఆకు మీద నీళ్లు పడితే చుక్కలు చుక్కలుగా, గుండ్రంగా నిలబడతాయి. ఆకు మీది సన్నని మైనం పొర నీటిని పరుచుకోనివ్వదు. ఫొటోలో ఒక్కో చుక్క మీద ఒక్కో తెల్లటి మెరుపు కనిపిస్తుంది. మురిగిన ఆకు మీద చుక్కలు ఉండవు. వార్నిష్ పూసినట్టు ఒకే పొరలా మెరుస్తుంది, మెరుపు గీతలుగా సాగి ఉంటుంది.

కొత్తిమీర దగ్గర ఇదంతా కొంచెం కష్టం. దాని ఆకు పలచన, చీలికలు ఎక్కువ. వాడినప్పుడే చిన్న చిన్న రెబ్బలు మూసుకుని దగ్గరికి చేరతాయి, ఫొటోలో ముద్దలా అనిపిస్తుంది. అక్కడ నేను రెబ్బల కొసలు చూస్తాను. వాడిన కొత్తిమీరలో కొసల మీది చిన్న చిన్న పళ్లు కనిపిస్తూనే ఉంటాయి. మురిగిన దాంట్లో ఆ పళ్లు కరిగి, తడిసిన జుట్టు పాయలా ఒకటే గీతలు మిగులుతాయి. కాడ ఇంకా బాగా చెబుతుంది. వాడిన కాడ వంగినా గుండ్రంగానే ఉంటుంది. మురిగిన కాడ చప్పబడి, గాజులా అవతలికి కనిపిస్తుంది, పట్టుకుంటే తోలు జారి చేతికొస్తుంది.

పాలకూర కాడ కూడా మనకు బాగా పనికొస్తుంది. మన రైతుబజార్లలో పాలకూర పేరుతో దొరికేది ఎక్కువగా బీట్‌రూట్ కుటుంబానికి చెందిన మొక్క, శాస్త్రీయ నామం బీటా వల్గారిస్. విదేశీ వంటల వీడియోల్లో డబ్బాల్లో వచ్చే చిన్న ఆకుల స్పినాచ్ వేరే మొక్క, స్పినాసియా ఒలరేసియా. అక్కడి ఫొటోలతో పోల్చి మన పాలకూరను తీర్పు చెబితే తప్పు జరుగుతుంది. మన పాలకూర పొడవాటి కాడతో కట్టగా వస్తుంది. ఆకు ఎంత వాలినా కాడ తెల్లగా, బిగుతుగా ఉంటే కట్టకు ఇంకా ప్రాణం ఉన్నట్టే.

పసుపు రంగు గురించి ఒక్క మాట. ఆకు పండడం వేరు, మురగడం వేరు. వయసైన ఆకులో పచ్చదనం విరిగి పసుపు బయటపడుతుంది. పక్కన పండిన అరటిపండ్లు, టమాటలు పెడితే వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువు వల్ల ఇంకా తొందరగా పండుతుంది. పసుపు ఆకు నీళ్లలో పెడితే పచ్చబడదు, రుచి కూడా తగ్గుతుంది. అయితే పొడిగా ఉన్నంతవరకు అది చెడిపోయినట్టు కాదు. ఏరేస్తే మిగతా కట్ట వాడుకోవచ్చు.

ఫొటో ఎక్కడ మోసం చేస్తుంది

ఆ పొద్దున వచ్చిన మొదటి ఫొటోలో రంగును నేను నమ్మలేదు. వంటగదిలో ఒకటే ట్యూబ్‌లైట్, కింద మెరిసే స్టీలు బల్ల. ఫోన్ కెమెరా మెరిసే బల్లను చూసి వెలుతురు ఎక్కువైందనుకుంటుంది, మొత్తం ఫొటోను చీకటి చేస్తుంది. అప్పుడు లేత ఆకు కూడా నల్లబడుతుంది. ఇదే పసుపు బల్బు కింద తీస్తే పచ్చటి కొత్తిమీర పండిపోయినట్టు వస్తుంది. ఫ్లాష్ వేస్తే వాడిన ఆకు మీద కూడా జిగటలాంటి మెరుపు పడుతుంది. ఫోన్లు తమంతట తాము రంగులు పెంచేస్తాయి కాబట్టి మాసిన ఆకు తాజాగా కనిపించే ప్రమాదమూ ఉంది. వాట్సాప్‌లో పంపితే ఫొటో బరువు తగ్గి, మనకు కావలసిన సన్నని ఈనెలు, కొసల పళ్లు మసకబారతాయి. పంపే ముందు HD గుర్తు నొక్కితే కొంత మిగులుతుంది.

కట్ట పైభాగం ఒక్కటే చూపించే ఫొటో ఇంకా పెద్ద మోసం. మురుగు ఎక్కువగా కట్ట మధ్యలో, రబ్బరు బ్యాండో నారో బిగించిన చోట మొదలవుతుంది. అక్కడ కాడలు నలుగుతాయి, గాలి ఆడదు, తడి ఆరదు, కోసిన తర్వాత కూడా ఆకులు ఊపిరి తీసుకుంటూ పుట్టించే వేడి అక్కడే నిలుస్తుంది. అమ్మేవాళ్లు పొద్దంతా కట్టల మీద నీళ్లు చల్లుతారు. చల్లకపోతే మన ఎండకు గంటలో వాలిపోతాయి, వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆ నీళ్లు కట్ట లోపలికి దిగి అక్కడే ఉండిపోతాయి. పైన ముత్యాల్లా చుక్కలు, లోపల నల్లటి ముద్ద. అలాంటి కట్టను పైనుంచి ఫొటో తీస్తే బ్రహ్మాండంగా ఉంటుంది.

నేను స్వయంగా తప్పు చేసిన సంగతి ఒకటుంది. పోయిన చలికాలంలో ఇదే తమ్ముడు ఫ్రిజ్‌లోంచి తీసిన పాలకూర ఫొటో పంపాడు. ఆకుల మీద ముదురు మచ్చలు, వెలుగుకు పెడితే అవతలికి కనిపిస్తున్నాయి. మురిగిందని చెప్పి నాలుగు కట్టలు పారేయించాను. తర్వాత తెలిసింది, ఆ కట్టలు ఫ్రిజ్ వెనక గోడకు, మంచు పేరుకున్న చోటికి ఆనుకుని ఉన్నాయట. ఆకు లోపలి నీళ్లు గడ్డకట్టి, మంచు ముళ్లు కణాల పొరల్ని చీల్చేశాయి. నీళ్లు బయటకు వచ్చాయి, అందుకే ఫొటోలో అచ్చం మురుగులా ఉంది. కానీ అది బ్యాక్టీరియా పని కాదు. వాసన లేదు, జిగట లేదు. అలాంటి ఆకు మళ్లీ నిలబడదు, నిల్వ ఉంచితే తొందరగా కుళ్లుతుంది, కానీ వెంటనే వండుకుంటే ఇబ్బంది లేదు. అప్పటినుంచి అలాంటి మచ్చలు కనిపిస్తే మొదటి ప్రశ్న "ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టినవ్ తమ్మీ?" అనే. మచ్చలన్నీ గోడకు ఆనిన ఒక్క వైపే ఉంటే అది మంచు దెబ్బ. కట్టిన చోటునుంచి బయటికి పాకినట్టు ఉంటే మురుగు.

ఆ పొద్దున ఏం చేశాం

"ఏం పారేయకు. కిటికీ దగ్గరికి తీసుకపోయి ఒక్కో కట్ట విప్పు," అన్నాను. గోనె సంచిలో పైన ఉన్న కట్ట ఒకటి, మధ్యది ఒకటి, అట్టడుగుది ఒకటి విడిగా తీయమన్నాను. సంచి అడుగున బరువు ఎక్కువ, గాలి తక్కువ. అన్ని కట్టలూ ఒకేలా చెడిపోవు, అందుకని ముందు ఏ కట్ట ఎక్కడిదో తెలియాలి.

మూడింటినీ తెల్ల పళ్లెంలో, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీశాడు. తెల్ల పళ్లెం రెండు రకాలుగా ఉపయోగం. పళ్లెం ఫొటోలో తెల్లగా వస్తే ఆకు రంగును నమ్మొచ్చు, పళ్లెమే పసుపుగా వస్తే రంగు లెక్కలోకి తీసుకోను. రెండోది, ఆకు కింద ఏ మరక మిగులుతుందో తెలుపు మీద దాగదు.

పైన ఉన్న కట్ట పూర్తిగా వాలిపోయింది. కానీ విప్పి పరిస్తే ఆకులన్నీ విడివిడిగా పడ్డాయి, అంచులు స్పష్టం, మెరుపు లేదు, కాడలు తెల్లగా ఉన్నాయి. ఇది వాడింది, అంతే. మధ్య కట్ట కూడా దాదాపు అదే, రెండు ఆకులు పండాయి. అట్టడుగు కట్టలో బ్యాండు కింద నాలుగైదు కాడలు గోధుమ రంగుకు తిరిగాయి, లోపలి ఆకులు మూడు ఒకటై నల్లగా ఉన్నాయి. పళ్లెం మీద పచ్చటి తడి మరక కనిపించింది. వాడిన ఆకు అలాంటి మరక వదలదు, దాని నీళ్లు ఎప్పుడో ఆవిరైపోయాయి.

ఇంకా ఒక్క అనుమానం మిగిలింది. మధ్య కట్టలో కొన్ని ఆకులు దగ్గరగా అతుక్కున్నట్టు ఉన్నాయి. అవి మెత్తబడి ముడుచుకున్నాయా, జిగటతో అంటుకున్నాయా ఫొటోలో తేలలేదు. "కాడలు పట్టుకుని కట్టను అటూ ఇటూ ఊపి అయిదు సెకన్ల వీడియో పంపు," అన్నాను. ఊపితే వాడిన ఆకులు ఒక్కొక్కటీ విడిగా కదులుతాయి. జిగట పట్టినవి ముద్దగా, ఒకే బరువులా ఊగుతాయి. వీడియోలో ఆకులు విడిపోయాయి. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఇప్పుడు నేను వీడియోనే అడుగుతున్నాను, నిలిచిన ఫొటో ఎంత బాగున్నా ఈ సంగతి చెప్పలేదు.

చివరగా వాసన. ఆ పని నేను చేయలేను, అక్కడ ఉన్న మనిషే చేయాలి. బ్యాండు కట్టిన చోట ముక్కు పెట్టి చూడమన్నాను. పచ్చి ఆకు వాసన, మట్టి వాసన అయితే సరే. పుల్లగా, మోరీ వాసనలా వస్తే కంటికి ఎంత బాగున్నా పక్కన పెట్టమన్నాను. ఆ లెక్కన అడుగునుంచి ఆరు కట్టలు పోయాయి. కొత్తిమీరలో రెండు కట్టల మధ్యభాగం నల్లబడింది, అవీ పోయాయి.

ఇక్కడ చాలామంది అడిగేది ఒకటుంది. కట్టలో రెండు మూడు ఆకులే జిగటగా ఉంటే మొత్తం పారేయాలా? నేను పాటించే పద్ధతి చెబుతాను. జిగట ఆకుల్ని, వాటి రసం తగిలిన పక్క ఆకుల్ని తీసేసి, మిగతావి ధారగా పడే నీళ్లలో కడిగి ఆ పూటే వండిస్తాను. అలాంటి కట్టలోని కొత్తిమీరను పచ్చిగా మాత్రం వాడనివ్వను. పచ్చడికీ పైన చల్లడానికీ అసలు జిగట తగలని కట్టే కావాలి. మూడో వంతు కన్నా ఎక్కువ కరిగితే, లేదా వాసన వస్తే, ఏరుతూ కూర్చోవడం మానేసి మొత్తం తీసేస్తాం. హాస్టల్‌లో నూటికి పైగా పిల్లలు తినే పప్పు అది. నాలుగు కట్టల ధర కోసం నేను సందేహంలో ఉండలేను.

లేపడం

మిగిలిన ఇరవై నాలుగు కట్టల కాడల చివర్లు వేలి మందం కోయించాను. కోసిన చివర ఎండి మూసుకుపోతుంది, కొత్తగా కోస్తేనే నీళ్లు ఎక్కుతాయి. తర్వాత పెద్ద టబ్బులో తాగే నీళ్లు పోసి, రెండు ట్రేల ఐసు వేసి, ఆకులు మునిగేలా పెట్టారు. చల్లటి నీళ్లే ఎందుకంటే, చలికి ఆకు ఊపిరి నెమ్మదిస్తుంది, బ్యాక్టీరియా కూడా నెమ్మదిస్తుంది. మే నెలలో ట్యాంకు నీళ్లు వేడిగా వస్తాయి, వాటిలో పెడితే ఆకు లేవకపోగా ఉడికినట్టు అవుతుంది. ఇంట్లో అయితే కుండ నీళ్లు చాలు. ఉప్పు వేయొద్దు. పురుగులు పోవడానికి ఉప్పు నీళ్లలో ముంచే అలవాటు మనకు ఉంది, కానీ ఉప్పు ఆకులోని నీళ్లను బయటకు లాగుతుంది, ఇక్కడ మనకు కావలసింది దానికి తిరగబడ్డ పని. ఉప్పు నీళ్లలో కడగాలనుకుంటే ఆకు లేచిన తర్వాత, వండే ముందు కడగండి.

ఇరవై నిమిషాలకు మళ్లీ ఫొటో వచ్చింది. ఈసారి ఒక్క ఆకును కాడ చివర పట్టుకుని అడ్డంగా చాచి తీయమన్నాను. లేచిన ఆకు చేతికి అడ్డంగా నిలబడుతుంది, ఇంకా లేవనిది కిందికి వేలాడుతుంది. ఎక్కువ ఆకులు సగం లేచాయి. మరో పదిహేను నిమిషాలు ఉంచాం. అప్పటికీ వేలాడే ఆకులు కొన్ని మిగిలాయి. అరగంట, ముప్పావుగంట చల్లటి నీళ్లలో ఉన్నా లేవని ఆకులో కణాలు చచ్చిపోయాయని అర్థం. మురుగు లేకపోతే పప్పులో వేసుకోవచ్చు, రేపటికి ఉంచకూడదు. అంచులు పెళుసై గలగలమనే ఆకులూ అంతే, ఎంత నానబెట్టినా మెత్తబడతాయే తప్ప నిలబడవు.

కొత్తిమీరను ముంచలేదు. చీలిక ఆకుల మధ్య నీళ్లు చిక్కుకుంటే మళ్లీ ఆరదు. పది కట్టల కాడలు కోసి, గ్లాసుల్లో మూడు వేళ్ల లోతు నీళ్లు పోసి, ఆకులకు తడి తగలకుండా పూలగుత్తిలా నిలబెట్టాం. పైన ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి ఫ్రిజ్‌లో పెట్టించాను. కొత్తిమీర పాలకూర కన్నా నిదానంగా లేస్తుంది, రెండు గంటలైనా పడుతుంది. వేరుతో వచ్చిన కట్ట అయితే వేరు కోయక్కరలేదు, మట్టి కడిగితే సరిపోతుంది.

లేచిన పాలకూరను వండకుండా ఉంచాలంటే నీళ్లు పూర్తిగా వార్చాలి. తడి ఆకును కవరులో పెట్టి ముడి వేయడం అంటే ఆ కవరులో మురుగుకు కావలసినవన్నీ పెట్టి మూసినట్టే. శుభ్రమైన పొడి బట్టలో వదులుగా చుట్టి, ఫ్రిజ్ కింది అరలో, వెనక గోడకు తగలకుండా పెడితే మరో రెండు రోజులు ఉంటుంది.

ఒక హద్దు మాత్రం మరిచిపోకూడదు. ఈ చూపులన్నీ మురుగును పట్టుకోవడానికే. సాల్మొనెల్లా, కొన్ని రకాల ఈ.కోలై లాంటి రోగకారకాలు ఆకు రంగు మార్చవు, వాసన తేవు, జిగట చేయవు. వాటి దగ్గర ఫొటోదీ పని లేదు, ముక్కుదీ పని లేదు. అందుకే లేపే నీళ్లు తాగే నీళ్లయి ఉండాలని పట్టుబడతాను, ఆకు ఆ నీళ్లనే లోపలికి పీల్చుకుంటుంది. లేపిన పాలకూరను మా దగ్గర పచ్చిగా వాడరు, పప్పులో బాగా ఉడికాకే పళ్లెంలోకి వస్తుంది.

ఆ రోజు తొమ్మిదిన్నరకు నేను వెళ్లేసరికి పాలకూర తరిగి ఉంది. పారేసిన ఆరు కట్టల్ని మాత్రం తీయొద్దని చెప్పి ఉంచాను, ఫొటోలో నేను చూసింది సరైందో కాదో చేత్తో పట్టుకుని చూడాలని. అయిదు కట్టలు మురిగినవే, వేలు పెడితే జారాయి. ఆరోది విప్పితే లోపల ఒక్క కాడే మెత్తబడింది, మిగతా ఆకులు కాపాడుకోదగ్గవే. తమ్ముడు దాన్ని మూడు గంటలు ఎండ తగిలే గట్టు మీద పెట్టాడు కాబట్టి అప్పటికి ఇక పనికిరాలేదు. పొద్దున వచ్చిన ఆ కట్ట ఫొటోను ఫోన్‌లో మళ్లీ తెరిచి చూశాను. బ్యాండు విప్పకుండానే తీసిన ఫొటో అది. అప్పటినుంచి మా స్టోర్‌రూమ్‌లో ఆకుకూర దిగగానే, సాయంత్రం ఏ వేళ అయినా సరే, సంచిలోంచి తీసి ప్రతి కట్ట బ్యాండు తెంపి, వెదురు తట్టల్లో పలచగా పరిచాకే తలుపు వేస్తున్నారు.